నయోమమ్మ సమాధి ఇసుక

మా బాప్టిస్టు సంఘానికి డెబ్బై అయిదేళ్ళు నిండుతున్నాయని, నవంబరులో వజ్రోత్సవం చేయాలని 2006 ఆగస్టులో కమిటీ తీర్మానించింది. ఈ డెబ్బై అయిదేళ్ళలో మా సంఘం విడవకుండా చేసిన పని ఒకటే, గుడి గోడలకు సున్నం వెయ్యడం. అయినా ఉత్సవం కావాలి. ఉత్సవానికి నాటకం కావాలి. నాటకానికి నేను కావాలి.

నేను ఎనిమిదో తరగతి చదివాను. పలాసలో జీడిపిక్కలు వేయించే బట్టీలో ముప్పై ఏళ్ళుగా పని చేస్తున్నాను. జీడినూనె కాల్చిన మచ్చలు మోచేతుల దాకా ఉన్నాయి. ఆ చేతులతోనే మా గుడిలో క్రిస్మసు నాటకాలన్నీ రాశాను. ఊరు పలాసకు తూర్పున, ఉద్దానంలో ఉంది. కొబ్బరి, జీడి, ఇసుక. తవ్వితే ఇసుక, తొక్కితే ఇసుక. ఈ కథ కూడా ఇసుక గురించే.

కమిటీకి కార్యదర్శి హెన్రీ. జీడిపప్పు వ్యాపారి. వరసకు నాకు బావ అవుతాడు. దేవుడి గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గిస్తాడు, పప్పు ధర గురించి మాట్లాడేటప్పుడు ఇంకా తగ్గిస్తాడు.

"బావా, కొత్తగా ఏటీ కష్టపడొద్దు. తొంభై ఎనిమిదిలో ఏసిన నయోమమ్మ నాటకమే తియ్యి. ఆ ఇసక సీను ఉంది కదా, దాన్ని కొంచెం పెంచు. ఈసారి పలాస కేబులోళ్ళు కూడా తీత్తారు."

"పెంచడం ఎలాగ?"

"అప్పుడొక్క మనిషే కదా బాగయింది. ముగ్గుర్ని చెయ్యి."

ఒకరిని బాగుచేయడానికి ఎంత సిరా పడుతుందో ముగ్గురికీ అంతే పడుతుంది. హెన్రీ వ్యాపారి, ఆ లెక్క అతనికి తెలుసు.

నయోమమ్మ ఎవరో చెప్పాలి. మిషను దొరల కాలంలో బైబిలు స్త్రీ అని ఒక ఉద్యోగం ఉండేది. చదువు వచ్చిన క్రైస్తవ స్త్రీ ఊరూరూ నడిచి, ఇంట్లోంచి బయటికి రాని ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించాలి, అక్షరాలు నేర్పాలి. నయోమమ్మ సంతబొమ్మాళి, నౌపడ వైపు ముప్పై ఏళ్ళు ఆ పని చేసింది. 1962లో పోయింది. గుడి వెనక సమాధి ఉంది. మా బాప్టిస్టుల్లో పునీతులు లేరు. బోధలో లేరు. సమాధి దగ్గరకెళ్తే ఉన్నారు. కాళ్ళు పొంగినవాళ్ళు అక్కడి ఇసుక గుప్పెడు తీసుకెళ్ళి, కొబ్బరినూనెలో కలిపి రాసుకుంటారు. మా ఉద్దానంలో కాళ్ళు పొంగడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఇంటికొక కిడ్నీ రోగి. ఎందుకొస్తుందో డాక్టర్లకే తెలీదు. అందుకని ఎవడికి తోచింది వాడు చెప్తాడు.

ఇసుక ఆచారం తాతలనాటిది కాదు. దాని వయసు ఎనిమిదేళ్ళు. దాన్ని పుట్టించింది నేను.

1998 నాటకంలో, నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసే పోలమ్మ అనే మనిషికి కాళ్ళు పొంగాయని, నయోమమ్మ ప్రార్థన చేసి కాళ్ళకు ఇసుక రాస్తే లేచి గెంతిందని రాశాను. కాళ్ళు పొంగిన పోలమ్మ ఉండేదని మా అమ్మ చెప్పగా విన్నాను. మిగతాది నాది. చివరి అంకంలో చప్పట్లు కావాలి, అంతే. పడ్డాయి. ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా కొట్టింది నా భార్య చిన్నతల్లి.

రెండేళ్ళ తర్వాత ఆమె కాళ్ళు పొంగాయి. రక్తం పరీక్ష చేసి విశాఖపట్నం పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. వారానికి రెండుసార్లు రక్తం మిషనులో శుద్ధి చేయించాలి. బట్టీలో సెలవు ఇవ్వరని చెప్పి నేను వెళ్ళలేదు. అడిగితే ఇచ్చేవారేమో. అడగలేదు. రెండుసార్లు ఒక్కతే రైలెక్కి వెళ్ళివచ్చింది. మూడోసారి వెళ్ళలేదు. సమాధి దగ్గరకు వెళ్ళింది. నేను చూశాను. ఆ సీను అబద్ధమని చెప్పలేదు. చెప్తే నేను రైలెక్కాలి. 2001లో పోయింది.

ఇది నేను ఎవరి దగ్గరా ఏడ్చి చెప్పుకోలేదు. ఏడిస్తే ఓదారుస్తారు. నాకు ఓదార్పు అక్కర్లేదు.

హెన్రీ నాటకం అడిగిన రోజునే, సమాధి దగ్గర సుహాసిని కనిపించింది. చిన్నతల్లి చెల్లెలి కూతురు. ముప్పై ఏళ్ళు లేవు. తల్లి లేదు, మొగుడు హైదరాబాదులో తాపీపని. మొహం ఉబ్బి కళ్ళు చిన్నవయ్యాయి. చీర కొంగులో ఇసుక మూట కట్టుకుంటోంది.

"విశాఖపట్నం వెళ్ళమన్నారట కదా?"

"ఒకపాలి ఎల్లొచ్చినాను పెదనానా." మూట బిగించింది. "మళ్ళీ మంగళారం రమ్మన్నారు. సూద్దాం."

'చూద్దాం' అన్న మాట మా ఇంట్లో కూడా ఒకప్పుడు వినిపించింది. నేను తిరిగి హెన్రీ దగ్గరకు వెళ్ళి, నాటకం రాస్తాను, గుడి బీరువా తాళం ఇమ్మన్నాను.

"బీరువాలో ఏటుంది బావా? చెదలు."

"నయోమమ్మ పుస్తకం ఉంది."

"నీకెందుకు ఆ పుస్తకం? కథ మనకి తెలిసిందే కదా."

తెలిసిందే. చదివినవాడు లేడు.

పుస్తకం గోధుమరంగు అట్టది, రెండు మూలలు చెదలు తిన్నాయి. ప్రతి రోజూ ఏ ఊరు వెళ్ళింది, ఎవరిని చూసింది, ఏమి చేసింది, మిషనుకు చూపించడానికి రాసుకున్న పుస్తకం. ఒక్కో రోజుకు రెండు మూడు వాక్యాలు. పొగడ్త లేదు, దర్శనం లేదు. పది రోజులు సాయంత్రాలు కూర్చుని చదివాను.

ఒక మనిషి జీవితాన్ని నాటకం చేయాలంటే ముందు సంగతులు ఏరాలి. నేను తెల్లకాగితం మీద మూడు గళ్ళు గీశాను. మొదటి గడిలో ఆమె స్వయంగా రాసింది. రెండో గడిలో కళ్ళారా చూసినవాళ్ళు చెప్పింది. మూడో గడిలో చూసినవాళ్ళ దగ్గర విన్నామన్నవాళ్ళు చెప్పింది. మూడో గడి స్టేజీ ఎక్కదు. ఇదీ నియమం.

మా సంఘంలో నయోమమ్మ గురించి ఏమేమి చెప్పుకుంటారో అన్నీ రాశాను. రోజుకు నలభై మైళ్ళు నడిచేదట. పుస్తకంలో చూస్తే ఒక రోజున రెండు ఊళ్ళకు మించి లేవు, అవీ పక్కపక్కవే. మూడో గడి. అయిదు వేల మందిని బాప్తిస్మానికి నడిపించిందట. గుడి బాప్తిస్మాల రిజిస్టరులో ఆమె తెచ్చినవాళ్ళ పేర్లు నలభై మూడు. నలభై మూడే రాశాను. తుఫానులో ఆమె చేయి ఎత్తితే సముద్రం వెనక్కి పోయిందట. పుస్తకంలో ఆ వారం ఇలా ఉంది: "గాలి. ఇంటి కప్పు పోయింది. మంచం కింద ఉన్నాను." ఈ మూడు వాక్యాలు చదివి చిన్నతల్లి పోయాక మొదటిసారి నవ్వాను.

మూడో గడి నిండింది. మొదటి రెండూ పలచగా ఉన్నాయి. అబద్ధాలకు కాగితం ఎప్పుడూ ఎక్కువే పడుతుంది.

ఇక ఇసుక. ఎవరు చూశారో కనుక్కోవాలి. మా సంఘంలో ఏడుగురిని అడిగాను. "పెద్దోళ్ళు సెప్పినారు," అన్నారు. ఏ పెద్దోళ్ళు అంటే, పక్కింటివాళ్ళు. పక్కింటివాళ్ళను అడిగితే, "నాటకంలో ఉంది కదా," అన్నారు. హెన్రీ మాత్రం ధైర్యంగా, "మా పెద్దమ్మ కళ్ళారా చూసింది," అన్నాడు. ఆవిడ ఏ సంవత్సరంలో చూసిందని అడిగాను. "నువ్వు నాటకం ఏసినప్పుడే బావా, మొదటి వరసలో కూకుంది." నిజమే, కళ్ళారా చూసింది.

నేను దున్నిన చాలు వెంట నేనే నడిచి నా కాలిజాడలే ఏరుకుంటున్నాను.

పుస్తకంలో పోలమ్మ పేరు దొరికింది. 1954. దాని ప్రకారం ఆమెకు ఒక కూతురు. నౌపడ వెళ్ళాను. ఉప్పుమడుల దగ్గర వాకబు చేస్తే ఆ కూతురు ఇంకా ఉందన్నారు. పేరు ముసలమ్మ. పుట్టినప్పటి పేరే అది. ఇప్పుడు పేరుకు తగ్గ వయసు వచ్చింది. ఉప్పునీళ్ళలో నిలబడి పాదాలు తెల్లగా చీలి ఉన్నాయి. గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తోంది.

"నయోమమ్మ గురించా? ఇన్నాళ్ళకా? కూకో."

కూర్చున్నాను. ఇంటి లోపల ఆమె కోడలు గిన్నెలు కడుగుతోంది.

"మీ అమ్మకి కాళ్ళు పొంగాయట కదా. అప్పుడేమయింది?"

"పొంగినాయి. కాళ్ళు, మొకం, అన్నీ పొంగినాయి. మంత్రగాడు వచ్చి ఏపమండలు కొట్టి పోయినాడు. నయోమమ్మ వచ్చి సూసి, ఇది నా వల్ల గాదు, టెక్కలి ఆసుపత్రికి బేగి తీసుకెల్లాలన్నాది. మా నాన్న, ఉప్పు ఎత్తే రోజులు, నాను రాలేనన్నాడు. నాకు చంటిపిల్ల. అప్పుడు నయోమమ్మే బండి కట్టించి తీసుకెల్లింది."

"ఇసుక రాసిందా కాళ్ళకి?"

"ఇసకా? ఏటి ఇసక? పొంగిన కాళ్ళకి ఇసక రాత్తే పుండు పడదేటి? నీకు బుర్రుందా?"

"మరి బాగయిందా?"

"సచ్చిపోనాది. పందొమ్మిదో రోజున. అన్ని రోజులూ నయోమమ్మ మంచం కాడే కూకుంది. గంజి తాపింది, గుడ్డలు మార్చింది. ఆ యమ్మ పాట పాడతంటే మాయమ్మ పానం పోనాదట. తిరిగొచ్చి నా కాడ కూకొని సెప్పింది. నాను బాగుసెయ్యలేకపోనాను ముసలమ్మా, కాని ఒక్కద్దాన్ని ఒగ్గీలేదు అంది."

కోడలు లోపల్నించి అరిచింది: "అదేటత్తా, ఆ ఊరోళ్ళ నాటకంలో మీయమ్మ లేసి గెంతినాదట కదా! మా సెల్లి సూసి సెప్పింది."

ముసలమ్మ చుట్ట తీసింది. "ఆ, ఆ మాట ఇన్నాను. ఎవుడ్రా అది రాసినోడు?"

"నేనే."

నన్ను పైనుంచి కిందికి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"మాయమ్మ లేసి గెంతితే, మరి నానెందుకు ఏడిసాన్రా అన్నాళ్ళు?"

లేచాను. ఆమె వెనక నుంచి, "ఉప్పు అట్టుకెల్లు, ఉత్తి చేతుల్తో పోకు," అని ఒక పొట్లం ఇప్పించింది. అది ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. వాడలేదు.

రెండో గడిలో ఆమె మాటలు ఆమె చెప్పినట్టే రాసుకుని, పుస్తకంతో పోల్చాను. రోజులు కలిశాయి. పుస్తకంలో ఇలా ఉంది: "పోలమ్మ నిద్రించింది. పందొమ్మిది రోజులు. గంజి తాగించాను, పాట పాడాను. తోడు ఉన్నాను."

సంగతులు చేరాయి. తర్వాత పాఠం. ఒక భక్తురాలి జీవితంలో పాఠాలకు కొదవ ఉండదు. విశ్వాసం, ధైర్యం, బీదరికం, చదువు, వినయం. పన్నెండు రాశాను. పన్నెండూ చెప్పిన నాటకం చూసి ఇంటికెళ్ళినవాడికి ఒక్కటీ గుర్తుండదు, చలిమిడి ఎంత తీపిగా ఉందో గుర్తుంటుంది. ఒక్కటే ఉండాలి. అది నేను పెట్టేది కాదు, ఆమె బతుకులో ఉన్నది కావాలి. వెతికితే పుస్తకం అంతా ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ కనిపించింది. "తోడు వెళ్ళాను." ఆసుపత్రికి తోడు వెళ్ళాను. పురిటికి తోడు వెళ్ళాను. కోర్టుకు తోడు వెళ్ళాను.

ఎక్కడ మొదలయిందో చూద్దామని వెనక్కి తిప్పాను. 1938. ఆషాఢం. "వాన. నేను వెళ్ళలేదు. అప్పలనరసమ్మ జ్వరంతో ఒక్కతే టెక్కలి ఆసుపత్రికి బయలుదేరింది. దారిలో పడిపోయింది. మర్నాటిదాకా ఎవరూ చూడలేదు." దాని కింద మూడు వారాలు ఖాళీ. తర్వాత నుంచే "తోడు వెళ్ళాను".

ఆ పేజీ ముందు చాలాసేపు కూర్చున్నాను. ఆమె ఒక్కసారి వెళ్ళలేదు, తర్వాత ఇరవై నాలుగేళ్ళు వెళ్ళింది. నేను ఒక్కసారీ వెళ్ళలేదు, తర్వాత అయిదేళ్ళు ఇంట్లో కూర్చుని లోకాన్ని తిట్టుకున్నాను. పునీతులకీ మనకీ తేడా అద్భుతాల్లో లేదు.

పాఠం దొరికింది. రోగిని ఒంటరిగా పంపకు. అంతే. చిన్నపిల్లకు అర్థమవుతుంది, మర్నాడే చేయవచ్చు, చేయకపోతే చేయలేదని తెలిసిపోతుంది.

రాయడం మొదలుపెట్టాను. నలభై నిమిషాల నాటకం, ఆరు దృశ్యాలు. ప్రతి దృశ్యాన్నీ ఒకటే ప్రశ్న అడిగాను: ఇందులో ఎవరు ఎవరికి తోడు వెళ్ళారు, ఎవరు వెళ్ళలేదు? జవాబు లేని దృశ్యాన్ని కొట్టేశాను. ఆమె బాప్తిస్మం దృశ్యం బాగా వచ్చింది, ఏటి ఒడ్డు, తెల్లచీర, పాట. కొట్టేశాను. మిషను దొరసానితో గొడవపడే దృశ్యం ఇంకా బాగా వచ్చింది. అదీ కొట్టేశాను.

మొదటి దృశ్యం ఆమె తప్పు. తెర తీయగానే వాన. రేకు మీద జీడిపిక్కలు దొర్లిస్తే వాన చప్పుడు వస్తుంది. వాకిట్లో అప్పలనరసమ్మ గోనెపట్టా కప్పుకుని నిలబడుతుంది. "వత్తావా నయోమమ్మా?" నయోమమ్మ బయటికి చూసి, "వాన తగ్గనీ," అంటుంది. అప్పలనరసమ్మ నడిచిపోతుంది. వాన చప్పుడు ఆగుతుంది. స్టేజీ మీద నయోమమ్మ ఒక్కతే. ఏడుపు లేదు, పాట లేదు. చూసేవాడికి ఆ నిశ్శబ్దంలో తన వాకిలి గుర్తు రావాలి.

వ్యాఖ్యాత మాటల దగ్గర ఇంకా జాగ్రత్త పడ్డాను. ప్రార్థన చేసింది అన్నది ఒక వాక్యం. జ్వరం తగ్గింది అన్నది ఇంకో వాక్యం. రెండూ పుస్తకంలో ఉంటే రెండూ రాశాను. వాటి మధ్య 'అందుకే' పెట్టలేదు. ఆ ముడి వెయ్యడం నా పని కాదు, చూసేవాడి పని. జ్వరం తగ్గని రోజులు కూడా రాశాను. పాత్రల నోట మాటలు కల్పించక తప్పదు, నాటకం అది. అందుకని ముందే వ్యాఖ్యాత చేత చెప్పించాను: మాటలు మావి, సంగతులు ఆమె పుస్తకంలోవి, నౌపడ ముసలమ్మ చెప్పినవి. కల్పించిన మాట జరిగిన పనిని మార్చకూడదు. చివరి దృశ్యం పోలమ్మ మంచం. గంజి గిన్నె, పాట, పందొమ్మిదో రోజు. పోలమ్మ లేవదు.

అక్టోబరులో కమిటీ ముందు చదివాను. గుడి వరండాలో బల్లలు. అయిదుగురు. చదువుతున్నంతసేపూ ఒకాయన గోళ్ళు తీసుకున్నాడు.

హెన్రీ మొదలుపెట్టాడు. "బావా, బాగుంది. కాని మొదట్లోనే ఆ యమ్మ తప్పు చేసినట్టు పెట్టినావు."

"చేసింది. రాసుకుంది."

"రాసుకుంటే మాత్రం? మనం సెప్పాలేటి? భక్తురాలు వానకి జడిసి ఇంట్లో కూకుందంటే ఎవడు దండం పెడతాడు?"

"దండం పెట్టమని నేను రాయలేదు."

"మరి ఇసక సీనేదీ?"

"అది జరగలేదు. నేను తొంభై ఎనిమిదిలో కల్పించాను. పోలమ్మ చచ్చిపోయింది. ఆమె కూతురు ఉంది, వెళ్ళి అడగండి."

గోళ్ళు తీసుకునే ఆయన ఆపి తలెత్తాడు, అందరూ నా వైపు చూశారు. సిగ్గుపడ్డారని అనుకున్నాను. నాకు ఇంకా అలాంటి ఆశలు ఉన్నాయి.

"నువ్వు కల్పించినావేమో," అన్నాడు హెన్రీ, గొంతు తగ్గించి. "దేవుడు నీచేత కల్పింపజేసినాడేమో. నీకేటి తెలుసు? ఎంతమందికి ఆ ఇసకతో నెమ్మది దొరికింది!"

"చిన్నతల్లికి దొరికింది. ఆమె సమాధి నయోమమ్మ సమాధికి మూడు బారల అవతలే."

"అలగనకు బావా. ఆ యమ్మకి టైమొచ్చింది."

"టైము రాలేదు. రైలొచ్చింది. ఎవరూ ఎక్కించలేదు. నాతో సహా." కాగితాలు దొంతి పెట్టాను. "ఇసుక మీకెందుకంత ఇష్టమో చెప్పనా బావా? ఇసుక రాసుకుంటే రోగి ఊళ్ళోనే ఉంటుంది. ఎవరూ తోడు వెళ్ళక్కర్లేదు. ఆ అద్భుతం రోగికి కాదు, మనకి."

చేతులెత్తమన్నాడు. నాలుగు చేతులు పాత నాటకానికి లేచాయి. ఒకాయన ఎటూ చెప్పలేదు, ఆయన తటస్థుడు. తటస్థులు వాన పడే రోజు గొడుగులాంటివాళ్ళు, ఎప్పుడూ ఇంట్లోనే ఉంటారు. ఉత్సవం రోజు, శనివారం సాయంత్రం, పాత నాటకమే వేస్తారు. ఇసుకతో ముగ్గురు బాగవుతారు. హెన్రీ భుజం తట్టాడు.

"నువ్వు ఎప్పట్లాగే వ్యాఖ్యానం సెప్పు. ఆ గొంతు ఎవుడికొత్తాది?"

చెప్పనన్నాను. కాగితాలు సంకన పెట్టుకుని నేరుగా సుహాసిని ఇంటికి వెళ్ళాను.

మంచం మీద కూర్చుని ఉంది. ఆ ఒక్కసారి తర్వాత మళ్ళీ విశాఖపట్నం వెళ్ళలేదు, మాత్రలతో నెట్టుకొస్తోంది. కాళ్ళు రెండూ నూనెతో, ఇసుకతో మెరుస్తున్నాయి. చర్మం గీరుకుపోయి ఎర్రగా ఉంది. ముసలమ్మ చెప్పింది నిజమే. గూట్లో ఇసుక మూట.

నిలబడే చెప్పాను. "ఆ ఇసుక కథ నేను కల్పించింది. పోలమ్మ బాగవలేదు. మీ పెద్దమ్మ కూడా దాన్ని నమ్మే పోయింది. కడిగేసుకో. విశాఖపట్నం వెళ్ళు."

నా మాట విని ఉలిక్కిపడుతుందనీ, ఏడుస్తుందనీ, తిడుతుందనీ దారంతా అనుకుంటూ వచ్చాను. నిజం చెప్పడానికి వచ్చినవాడికి అంత గర్వం ఉంటుంది. సుహాసిని కాళ్ళు చీరలోకి లాక్కుంది.

"తెలుసు పెదనానా."

"ఏటి తెలుసు?"

"ఇసక ఇసకే అని. నాను పదో తరగతి సదివినాను. డాక్టరు రాసిన సీటీ సదవడం కూడా వచ్చు నాకు."

"మరి ఎందుకు రాస్తున్నావు?"

"మొదటిపాలి ఎల్లినప్పుడు, మిషను ఇప్పినాక లేత్తే కళ్ళు తిరిగి పడిపోనాను. నాలుగు గంటలు ఆ మంచం మీద. పక్క మంచమోళ్ళందరికీ ఎవుళ్ళో ఒకళ్ళున్నారు. నర్సమ్మ అడిగింది, నీతో ఎవులొచ్చినారమ్మా అని. రైల్లో కూడా ఎవులో సీటిచ్చినారు, నిద్దరట్టి పలాస దాటిపోతే లేపీవోళ్ళు లేరు." తల ఎత్తింది. "మంగళారం నాతో ఎవులొత్తారు పెదనానా? ఆ పేరు సెప్పు. కడిగేసుకుంతాను."

సంకలో నలభై నిమిషాల నాటకం ఉంది. ఆరు దృశ్యాలు. ప్రతి దృశ్యాన్నీ అడిగిన ప్రశ్నే అది. నన్ను తప్ప అందరినీ అడిగాను.

"నీళ్ళు ఎక్కడున్నాయి?" అన్నాను.

బకెట్టు తెచ్చి పెట్టాను. ఆమే కడుక్కుంది.

మంగళవారం వెళ్ళాం. బట్టీలో సెలవు అడిగితే యజమాని, "ఇన్నేళ్ళలో నువ్వు అడగడం ఇదే మొదలు," అన్నాడు. వారానికి రెండు రోజులు ఇచ్చాడు, ఆ రోజుల కూలి పోతుంది. ఇదీ నేను అప్పట్లో అడగని సెలవు.

తోడు వెళ్ళడంలో గొప్పేమీ లేదు. తెల్లవారి అయిదింటికి ఆటో. పలాసలో రైలు. ఆసుపత్రి వరండాలో వరస. లోపల ఆమె, బయట నేను. నాలుగు గంటలు. చేయడానికి పని ఉండదు. నీళ్ళు ఎక్కువ తాగకూడదని గ్లాసు కొలత చూడాలి. బయటికి వచ్చాక వెంటనే నడవనివ్వకూడదు, బల్ల మీద కూర్చోబెట్టాలి. చేతికి పెట్టిన కట్టు తడిసిందేమో చూడాలి. పక్కన అడిగేవాళ్ళకు ఏమవుతారో చెప్పాలి. "పెదనాన్నని." అంతే. ఇందులో నాటకానికి పనికొచ్చే దృశ్యం ఒక్కటీ లేదు.

వజ్రోత్సవం పడిన శనివారం, ఆ వారంలో మా రెండో రోజు. ఉదయం వెళ్తుంటే గుడికి రంగుకాగితాలు కడుతున్నారు. హెన్రీ రోడ్డు మీద ఆటో ఆపి తల లోపలికి పెట్టాడు.

"ఈ ఒక్క రోజు మానీలేవేటి బావా? పండగ కదా."

"రక్తానికి పండగ తెలీదు. పోనీ, నువ్వు రా బావా ఈ రోజు. నేనుండి వ్యాఖ్యానం చెప్తాను."

తల బయటికి తీసుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి సాయంత్రం ఏడు దాటింది. పలాస నుంచి ఆటోలో వస్తుంటే, ఊరు ఇంకా మైలుండగానే కొబ్బరితోటల మీంచి మైకు వినిపించింది. నా గొంతు. నేను రానన్నానని, తొంభై ఎనిమిదిలో రికార్డు చేసిన క్యాసెట్టు పెట్టారు. టేపు అరిగి గొంతు కొంచెం వణుకుతోంది, కాని నాదే.

"అప్పుడు నయోమమ్మ ఇసుక తీసుకుని పోలమ్మ పాదాలకు రాసెను. అప్పుడు పోలమ్మ లేచి..."

చప్పట్లు వినిపించాయి. ఎనిమిదేళ్ళనాటి చప్పట్లో, ఈనాటివో తెలీలేదు. టేపులో అవి కూడా ఉన్నాయి. చిన్నతల్లివి కూడా ఉన్నాయి.

సుహాసిని ఆటో కమ్మీకి తల ఆనించి వింటోంది.

"నీ గొంతే పెదనానా."

"ఆ."

"బాగా సెప్పినావు. నమ్మబుద్దవుతంది."

ఆటో ఆమె ఇంటి ముందు ఆగింది. చేయి పట్టి దింపి మంచం దాకా తీసుకెళ్ళాను. దీపం వేస్తే గూట్లో ఇసుక మూట అక్కడే ఉంది.

"ఇంకా పారేయలేదేం?"

"ఉండనీ." పడుకుని మొహం గోడవైపు తిప్పుకుంది. "నువ్వు రాని రోజుకి పనికొత్తాది."

తిట్టినా బాగుండేది. తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చాను. ఆటోవాడు ఇంకా అక్కడే ఉన్నాడు, మైకు వింటూ నవ్వుతున్నాడు.

"మంగళవారం అయిదింటికి," అన్నాను.